పెద్దవాళ్ళ కోసం ఐదు నిమిషాల నిత్యపూజ వీడియో: స్క్రిప్టు చూసి చెప్పండి

కాలనీకోడలు:
అందరికీ నమస్కారం. కూకట్‌పల్లిలో మా కాలనీ పెద్దవాళ్ళకు ఒక చిన్న వీడియో చేసిపెడతానని ఒప్పుకున్నాను. రోజూ ఇంట్లో చేసుకునే పూజ, అదీ సింపుల్‌గా, ఐదు నిమిషాలు దాటకుండా ఉండాలి. అందరూ డెబ్బై దాటినవాళ్ళే. కొందరికి శుక్లాల ఆపరేషన్ అయింది, కొందరికి ఇంకా కాలేదు. ఇద్దరు ముగ్గురు చెవికి మిషన్ పెట్టుకుంటారు. ముందు కమ్యూనిటీ హాల్లో 43 అంగుళాల టీవీ మీద చూపిస్తాం. అక్కడ చివరి వరుస కుర్చీలు టీవీకి పన్నెండు అడుగుల దూరంలో ఉంటాయి. తర్వాత అదే వీడియోను వాట్సాప్‌లో ఇళ్ళకు పంపుతాం.

అక్షరాలు పెద్దగా ఉండాలి, నెమ్మదిగా నడవాలి. వాళ్ళు అడిగినవి ఈ రెండే. దీపం దగ్గర నేను రాసుకున్న ముక్క ఇది:

"ముందుగా పూజామందిరం శుభ్రం చేసుకుని, కుందిలో నువ్వుల నూనె లేదా ఆవు నెయ్యి పోసి, రెండు వత్తులు కలిపి వేసి, అగ్గిపుల్లతో నేరుగా కాకుండా ఏకహారతితో దీపం వెలిగించి, ఈ శ్లోకం చదవవలెను."

దీని కింద దీపశ్లోకం నాలుగు పాదాలూ. మొత్తం ఒకే తెర మీద, పది సెకన్లు. దీనికి ముందు నిద్ర లేవగానే చెప్పుకునే కరాగ్రే వసతే లక్ష్మీ, తర్వాత ఆచమనం, శుక్లాంబరధరం, అష్టోత్తరంలోంచి కొన్ని నామాలు, నైవేద్యం, ఆత్మప్రదక్షిణ. ఎలా ఉందో మొహమాటం లేకుండా చెప్పండి.

సాయి_ఎడిట్స్:
అక్కా, కంటెంట్ బాగుంది. వెనకాల దీపం వెలుగుతున్న వీడియో వేసి, దాని మీద బంగారు రంగు అక్షరాలు పెడితే అదిరిపోతుంది. ఫాంటు రామభద్ర వాడండి, లావుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకు బాగా కనిపిస్తుంది. ఒక్కో పదం కింద నుంచి తేలుతూ వచ్చేలా యానిమేషన్ నేను చేసిస్తాను. వెనకాల సన్నగా వీణ.

డల్లాస్_రవి:
వెనక వీడియోలు అవీ వద్దండీ. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల అక్షరాలు. కళ్ళకు అంతకంటే మంచిది లేదు, పుస్తకాలన్నీ అలాగే కదా అచ్చు వేస్తారు. మా అమ్మకు రాజమండ్రికి నేను పంపేవన్నీ అలాగే చేస్తాను.

బొమ్మల_మూర్తి:
టీవీలో టైటిళ్ళు వేసే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రవిగారు చెప్పిన తేడా నిజమే. అక్షరానికీ వెనక రంగుకీ గట్టి తేడా ఉండాలి. కానీ పుస్తకం మీద పడిన వెలుతురే మన కంటికి వస్తుంది, టీవీ తానే వెలుగుతుంది. శుక్లం ఉన్న కంట్లో ఆ వెలుతురు చెదిరిపోతుంది. తెర నిండా తెలుపు ఉంటే దాని మధ్య నల్ల అక్షరం అంచులు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. అలాంటివాళ్ళలో చాలామందికి ముదురు రంగు మీద లేత అక్షరమే హాయిగా ఉంటుంది. ముదురు మెరూన్ గానీ ముదురు ఆకుపచ్చ గానీ వేసి, దాని మీద మీగడ రంగు అక్షరాలు పెట్టండి. నలుపు మీద ఎరుపు, నీలం మీద ఊదా మాత్రం వద్దు. వయసు పైబడ్డ కొద్దీ కంటి కటకం పసుపు బారుతుంది, నీలం ఛాయలు మసకబారతాయి.

బాబూ సాయీ, వెలుగుతున్న దీపం మీద అక్షరాలు వేస్తే మంట కదిలినప్పుడల్లా వెనక వెలుతురు మారుతుంది. ఒక క్షణం కనిపించిన అక్షరం మరుక్షణం మాయమవుతుంది. దీపం చూపించాలంటే దానికో తెర ఇవ్వు, అక్షరాలకు ఇంకో తెర ఇవ్వు. రామభద్ర శీర్షికకు బాగుంటుంది. శ్లోకానికి వాడితే ధ, థ, ఢ లాంటి వాటి లోపలి చుక్కలు, సందులు పూడుకుపోతాయి. దూరం నుంచి "ధ" కూడా "ద"లాగే కనిపిస్తుంది. మండలి గానీ నోటో శాన్స్ తెలుగు గానీ తీసుకుని, ఒక మోతాదు లావు చేస్తే చాలు. తేలుతూ వచ్చే పదాలు అసలే వద్దు. కన్ను అక్షరాన్ని వెంబడించే పనిలో పడితే చదవడం ఆగిపోతుంది.

కాలనీకోడలు:
మూర్తిగారూ, చాలా థాంక్స్. ఇంతకీ "పెద్ద" అంటే ఎంత పెద్ద? ఫాంటు 60 పెట్టాను, నా లాప్‌టాప్‌లో చాలా పెద్దగా కనిపిస్తోంది.

బొమ్మల_మూర్తి:
లాప్‌టాప్ మీ నుంచి రెండడుగుల దూరంలో ఉందమ్మా, అందుకే. బోర్డులు రాసేవాళ్ళకు ఒక పాత లెక్క ఉంది: హాయిగా చదవాలంటే పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం. పెద్దవాళ్ళ కళ్ళకు దాన్నే కనీసంగా పెట్టుకుందాం. మీ చివరి వరుస పన్నెండు అడుగులు కాబట్టి ఒకటింబావు అంగుళం దాకా కావాలి. 43 అంగుళాల టీవీ తెర ఎత్తు దాదాపు 21 అంగుళాలు. అది నిలువునా 1080 చుక్కలు, అంటే పిక్సెళ్ళు, అనుకుంటే మన అక్షరం అరవై చుక్కల పైనే ఉండాలి.

ఇక్కడే తెలుగుతో చిక్కు వస్తుంది. ఫాంటు సైజు అంటే అక్షరం ఎత్తు కాదు. పైన గుడికీ, కింద ఒత్తుకీ చోటు వదలాలి కాబట్టి "క", "ప" లాంటి అక్షరం అసలు ఎత్తు సైజులో సగం దగ్గర ఉంటుంది. అంటే మీకు 120 నుంచి 130 చుక్కల సైజు కావాలి. ఫాంటును బట్టి మారుతుంది, కాబట్టి నా లెక్కను నమ్ముకుని కూర్చోకండి. ఒక తెర తయారు చేసి, టీవీ మీద పెట్టి, పిల్లల స్కేలు తీసుకెళ్ళి గ్లాసు మీదే కొలవండి. "క" కొలిచాక "సర్వం"లో వ ఒత్తు, "బ్రహ్మ"లో మ ఒత్తు చూడండి. ఒత్తు అసలు అక్షరం కంటే చిన్నది. అది కనిపిస్తే మిగతావన్నీ కనిపించినట్టే.

వరుసల మధ్య ఖాళీ మామూలు కంటే ఎక్కువ వదలండి, సైజుకు ఒకటిన్నర రెట్లు దాటి. లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

డల్లాస్_రవి:
120 సైజులో శ్లోకం మొత్తం తెర మీద పడుతుందా సార్?

బొమ్మల_మూర్తి:
నిక్షేపంగా పడుతుంది. ఆ సంగతే చెప్పబోతున్నాను. మన నిత్య శ్లోకాల్లో చాలావరకు అనుష్టుప్పులే, అంటే పాదానికి ఎనిమిది అక్షరాలు. "దీపేన సాధ్యతే సర్వం" లెక్కపెట్టండి, ఎనిమిది. "శుక్లాంబరధరం విష్ణుం" కూడా ఎనిమిదే. పాదానికి ఒక వరుస చొప్పున నాలుగు వరుసలు. 120 సైజులో, ఆ ఖాళీలతో కలిపి ఎనిమిది వందల పైచిలుకు చుక్కలు అవుతుంది, 1080లో కుదురుతుంది. వరుసకు ఎనిమిది అక్షరాలే కాబట్టి ఫోను నిలువుగా పట్టుకునేవాళ్ళ కోసం ఇంకో కాపీ చేసినా పట్టేస్తుంది.

పాదాన్ని మాత్రం విరగ్గొట్టకండి. తెర నింపాలని "శుక్లాంబరధరం విష్ణుం శశి" దగ్గర వరుస తెంచి "వర్ణం" కింద వేస్తే, నోటికి వచ్చినవాళ్ళు కూడా తడబడతారు.

కొత్తసభ్యుడు_77:
నమస్తే. మా నాన్నగారికి కూడా ఇదే సమస్య. ఫోన్‌లో అక్షరాలు చిన్నగా ఉన్నాయంటున్నారు. ఎక్కడ పెద్దవి చేయాలి?

కాలనీకోడలు:
అన్నయ్యా, ఇది వీడియో తయారీ గురించి. ఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేకి వెళ్తే అక్షరాల సైజు మార్చుకునే చోటు ఉంటుంది. కానీ దాంతో మెనూలు, మెసేజ్‌లే పెద్దవవుతాయి. వీడియోలో ఉన్న అక్షరాలు మారవు.

విజయలక్ష్మి_టీచర్:
నాకు 74. మీ వీడియో చూడబోయేది నాలాంటివాళ్ళే కాబట్టి నా మాట కూడా వినండి.

అక్షరాల సంగతి మూర్తిగారు చెప్పారు. నాకు చిరాకు వేరే చోట. పెద్దవాళ్ళ కోసం అని చేసే వీడియోల్లో శ్లోకాన్ని సాగదీసి సాగదీసి చదువుతారు. "శు...క్లాం...బ...ర" అంటూ. ఆ శ్లోకం నాకు ఆరేళ్ళప్పటి నుంచి నోటికి వచ్చు. దాని నడక నాకు తెలుసు. వాళ్ళు సాగదీస్తే నేను ముందుకెళ్ళిపోతాను, మళ్ళీ ఆగుతాను, మళ్ళీ కలుస్తాను. చివరికి మానేసి చూస్తూ కూర్చుంటాను. శ్లోకాన్ని ఇంట్లో చదివినట్టే చదవండి. అది అయ్యాక కాసేపు ఆగండి. నెమ్మది కావాల్సింది పని దగ్గర. పువ్వు తీయాలి, అగ్గిపెట్టె వెతకాలి, వత్తి సరిచేయాలి. అక్కడ మీరు పది సెకన్లు ఇస్తే నా చేతులకు చాలదు.

ఇంకో మాట. "చదవవలెను", "చేయవలెను" వద్దమ్మా, నోటీసు బోర్డులా ఉంది. అలాగని పిల్లలకు చెప్పినట్టు ముద్దుగానూ వద్దు. "దీపం వెలిగించండి" అంటే చాలు.

బొమ్మల_మూర్తి:
టీచర్‌గారూ, నేను చెప్పాల్సిన అసలు మాట మీరు చెప్పేశారు. కోడలుగారూ, మీ దీపం తెరలో ఉన్న తప్పు పది సెకన్లు అనేది ఒక్కటే కాదు. ఒకే తెర మీద మనిషి చేత చదివిస్తున్నారు, పని చేయిస్తున్నారు, మళ్ళీ శ్లోకం చెప్పిస్తున్నారు. వత్తి వేసేటప్పుడు కళ్ళు కుంది మీద ఉంటాయి, టీవీ మీద ఉండవు. తల ఎత్తేసరికి తెర మారిపోతే ఎక్కడున్నామో తెలియదు. చదివే తెర వేరు, చేసే తెర వేరు. చేసే తెర మీద రెండు మూడు మాటలే ఉండాలి. అవి పని అయ్యేదాకా అలాగే నిలబడి ఉండాలి, తల ఎప్పుడు ఎత్తినా కనిపించేలా.

ఎంతసేపు నిలపాలో మీరు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చదివే తెరను పైకి రెండుసార్లు చదివి, అంతసేపు ఉంచండి. చేసే తెరకైతే మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేత ఆ పని నిజంగా చేయించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి.

అత్తిలి_శర్మ:
నమస్కారం. పౌరోహిత్యం చేస్తాను. క్రమం గురించి చెబుతాను.

కరాగ్రే వసతే అనేది పక్క మీద నుంచి లేస్తూనే, కాలు నేల మీద పెట్టకముందే, అరచేతులు చూసుకుంటూ చెప్పుకునేది. టీవీ ముందు కూర్చున్నాక చెప్పించడంలో అర్థం లేదు. తీసేయండి. ఆచమనం కూడా ఈ వీడియోలో వద్దు. కేశవ నామాలు, ఉద్ధరిణి, ఎవరెవరు ఎలా చెప్పాలన్నది ఇంటి ఇంటికీ సంప్రదాయ భేదం. ఐదు నిమిషాల్లో అది నేర్పితే పది ఫోన్లు వస్తాయి మీకు. అలవాటు ఉన్నవాళ్ళు ముందే చేసుకుని కూర్చుంటారు.

దీపం, వినాయకుణ్ణి తలచుకోవడం, ఇష్టదైవ నామం, నైవేద్యం, క్షమాపణ. ఇంతే పెట్టండి. అష్టోత్తరం నామాలు కొన్ని ఏరుకోవడం కంటే, ఎవరి దేవుడి పేరు వాళ్ళు మనసులో చెప్పుకోవడానికి ఒక నిమిషం వదలండి. శైవులు, వైష్ణవులు, అమ్మవారి భక్తులు అందరూ అందులో ఇమిడిపోతారు. నైవేద్యానికి బెల్లం ముక్క చాలు. పత్రమో పుష్పమో ఫలమో నీళ్ళో భక్తితో ఇస్తే తీసుకుంటానని గీతలోనే ఉంది కదా.

ఒక సవరణ. దీపశ్లోకంలో చివరి పాదం "సంధ్యాదీపం నమోస్తుతే" అని సాయంత్రం దీపానికి చెబుతారు. పొద్దున్న పూజకు "దీపలక్ష్మి నమోస్తుతే" అనండి.

విజయలక్ష్మి_టీచర్:
శర్మగారూ, మా ఇంట్లో పొద్దునా సాయంత్రమూ సంధ్యాదీపమే. ప్రాతఃసంధ్య కూడా సంధ్యే కదండీ.

అత్తిలి_శర్మ:
కాదనలేదమ్మా. వాడుక చెప్పాను.

పద్మ_నర్సు:
శర్మగారు ఆత్మప్రదక్షిణ సంగతి వదిలేశారు, నేను అందుకుంటాను. వద్దండీ. నిలబడి, చేతులు జోడించి, ఉన్నచోటే గుండ్రంగా తిరగమంటే బీపీ మందులు వేసుకునేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. ఎదురుగా దీపం వెలుగుతూ ఉంటుంది. కూర్చునే నమస్కారం పెట్టించండి. కింద కూర్చోమని కూడా అనకండి. "కుర్చీలో కూర్చోవచ్చు" అని మొదటి తెర మీదే రాయండి. ఆ మాట రాయకపోతే కుర్చీలో పూజ తప్పేమో అనుకుని మోకాళ్ళ నొప్పితోనే కింద కూర్చుంటారు, లేవడానికి మందిరం గడప పట్టుకుంటారు.

దీపం విషయంలో రెండు మాటలు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవాళ్ళు ఉంటే ఆ గదిలో నిప్పు వెలిగించకూడదు, అగరొత్తి కూడా. వాళ్ళకు బ్యాటరీ దీపం చాలు. మిగతావాళ్ళకు చీర కొంగు, శాలువా వెనక్కి వేసుకోమని గొంతుతో ఒకసారి చెప్పండి.

షుగర్ మందు వేసుకునేవాళ్ళు పూజ అయ్యేదాకా ఏమీ తినకూడదని ఆగుతారు. మీ స్క్రిప్టులో "పరగడుపున" అనే మాట ఎక్కడా రానివ్వకండి.

అత్తిలి_శర్మ:
పద్మగారి మాటకు నేనూ ఒప్పుకుంటాను. వయసు పైబడినవారికి, జబ్బు ఉన్నవారికి ఉపవాస నియమం లేదు. కానీ బ్యాటరీ దీపాన్ని దీపం అనడానికి నాకు మనసు ఒప్పడం లేదు. అంతకంటే దీపం లేకుండా నమస్కారం పెట్టుకోవడం మేలు.

పద్మ_నర్సు:
మా అత్తగారు ఆ బ్యాటరీ దీపం ముందే రోజూ లలిత చదువుకుంటారండీ. ఆవిణ్ణి నేనైతే ఆపను.

గుంటూరు_జాన్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా చర్చిలో పెద్దవాళ్ళ కోసం ఉదయ ప్రార్థన వీడియో చేస్తున్నాం, అందుకే ఇదంతా చదువుతున్నాను. టీచర్‌గారు చెప్పింది మా దగ్గరా నిజమే. "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టామంటే వాళ్ళు వాళ్ళ వేగంలో వెళ్ళిపోతారు. మేము వాక్యభాగం మాత్రం నెమ్మదిగా చదివి, ప్రార్థన మామూలుగా చెప్పి వదిలేశాం.

నాదొక సందేహం. మౌన ప్రార్థనకు ఒక నిమిషం వదిలితే మా పెద్దాయన ఒకరు టీవీ ఆగిపోయిందని రిమోట్ నొక్కేశారు. మీ నామజపం దగ్గర కూడా ఇదే వస్తుంది కదా?

బొమ్మల_మూర్తి:
తప్పకుండా వస్తుంది. నిశ్శబ్దం వచ్చి, తెర కూడా కదలకపోతే వీడియో ఆగిందనుకుంటారు. కింద సెకన్లు లెక్కపెట్టే గడియారం పెడతారు కొందరు. అది చూస్తూ జపం ఏం చేస్తారు, టెన్షన్ తప్ప. ఆ నిమిషమంతా తంబూర శ్రుతి సన్నగా ఉంచండి. తెర మీద "మీ దేవుడి పేరు మనసులో చెప్పుకోండి" అని అలాగే ఉంచండి. శ్రుతి మెల్లగా ఆగిందంటే నిమిషం అయిందని వాళ్ళకే తెలుస్తుంది. ఈ సంగతి ముందే గొంతుతో చెప్పండి. జాన్‌గారూ, మీ దగ్గర ఆర్గన్ మీద ఒక్క స్వరం పట్టి ఉంచినా ఇదే పని చేస్తుంది.

శ్రుతి అక్కడ ఒక్కచోటే. మాట్లాడేటప్పుడు వెనక వీణా, వేణువూ ఏవీ వద్దు. వయసుతో ముందు తగ్గేది సన్నటి శబ్దాల వినికిడి. స, శ, చ లాంటివి అసలే సరిగా వినపడవు, వాటి మీద సంగీతం పడితే మాట ముద్దయిపోతుంది. చెవి మిషన్ ఉన్నవాళ్ళకు గంట శబ్దం గుచ్చుకుంటుంది. గంట మోగించి తీరాలంటే దూరంగా, తక్కువగా.

సాయి_ఎడిట్స్:
సరే అంకుల్, యానిమేషన్ మానేస్తాను. ఒక ప్రాబ్లం వచ్చింది. నేను ఫోన్‌లో వాడే ఎడిటింగ్ యాప్‌లో "సర్వం" టైప్ చేస్తే ర్ మీద పొల్లు పడి, వ పక్కకు విడిపోతోంది. "బ్రహ్మ" కూడా అంతే.

బొమ్మల_మూర్తి:
ఆ యాప్‌కు తెలుగు ఒత్తులు కలపడం రాదన్నమాట. దానితో కుస్తీ పట్టకు. లిబ్రే ఆఫీసులో ఇంప్రెస్ గానీ, తెలుగు సరిగ్గా చూపించే ఇంకేదైనా గానీ తీసుకో. అక్షరాల తెరలన్నీ అందులో తయారుచేసి బొమ్మలుగా సేవ్ చెయ్యి. ఇంప్రెస్‌లో సైజు పాయింట్లలో ఉంటుంది, చుక్కల్లో కాదు, కాబట్టి 120 అని పెట్టకుండా టీవీ మీద స్కేలుతో కొలిచి సరిచూసుకో. యాప్‌లోకి ఆ బొమ్మలనే తెచ్చుకో. అప్పుడు ఒత్తు విడిపోయే ప్రశ్నే లేదు. చుట్టూ అంచులు కాస్త వదులు, కొన్ని పాత టీవీలు అంచులు కోసేస్తాయి. కింద భాగం ఇంకా ఎక్కువ వదలాలి. ఆపుదామని రిమోట్ నొక్కితే వచ్చే పట్టీ అక్కడే కూర్చుంటుంది, కరెక్టుగా నాలుగో పాదం మీద.

కాలనీకోడలు:
అందరి మాటలూ కలిపి మళ్ళీ రాశాను. పనుల దగ్గర సెకన్లు మా అత్తగారి చేత చేయించి చూసి వేసినవి. ఏకహారతి మాట తెర మీద నుంచి తీసేశాను. ఎవరి అలవాటు ప్రకారం వాళ్ళు వెలిగించుకుంటారు.

తెర 1: కుర్చీలో కూర్చోవచ్చు
గొంతు: "పెద్దలందరికీ నమస్కారం. మనం రోజూ చేసుకునే చిన్న పూజ ఇది. కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు." (15 సెకన్లు)

తెర 2: దీపం, పువ్వు, బెల్లం ముక్క
గొంతు: "ఈ మూడూ దగ్గర పెట్టుకోండి. మీరు తెచ్చుకునే దాకా ఆగుతాను." (45 సెకన్లు)

తెర 3: దీపం వెలిగించండి
గొంతు: "కొంగు, శాలువా వెనక్కి వేసుకోండి. దీపం వెలిగించండి. తొందరేమీ లేదు." (40 సెకన్లు)

తెర 4: దీపం బొమ్మ మాత్రమే. అక్షరాలు లేవు, మాట లేదు. (6 సెకన్లు)

తెర 5:
దీపం జ్యోతి పరబ్రహ్మ
దీపం సర్వతమోపహం
దీపేన సాధ్యతే సర్వం
సంధ్యాదీపం నమోస్తుతే
గొంతు: శ్లోకం ఒకసారి, మామూలు నడకలో. తర్వాత ఖాళీ. (25 సెకన్లు)

తెర 6:
శుక్లాంబరధరం విష్ణుం
శశివర్ణం చతుర్భుజం
ప్రసన్నవదనం ధ్యాయేత్
సర్వవిఘ్నోపశాంతయే
గొంతు: అలాగే. (25 సెకన్లు)

తెర 7: పువ్వు పెట్టండి (20 సెకన్లు)

తెర 8: మీ దేవుడి పేరు మనసులో చెప్పుకోండి
గొంతు: "తంబూర మోగుతున్నంతసేపు మీ ఇష్టదైవం పేరు చెప్పుకోండి. అది ఆగాక ముందుకు వెళ్దాం." (70 సెకన్లు)

తెర 9: బెల్లం నైవేద్యం పెట్టండి (20 సెకన్లు)

తెర 10:
మంత్రహీనం క్రియాహీనం
భక్తిహీనం జనార్దన
యత్పూజితం మయా దేవ
పరిపూర్ణం తదస్తు తే (25 సెకన్లు)

తెర 11: కూర్చునే నమస్కారం పెట్టుకోండి (15 సెకన్లు)

మొత్తం ఐదు నిమిషాలు దాటి ఆరు సెకన్లు.

డల్లాస్_రవి:
తెర 2 దగ్గర 45 సెకన్లు ఏమీ జరగకుండా ఉంటే బోర్ కొట్టదా? అక్కడ పాజ్ నొక్కమని చెబితే పోలా?

విజయలక్ష్మి_టీచర్:
బాబూ, పాజ్ ఎక్కడుందో తెలిస్తే మాకీ వీడియో ఎందుకు? మళ్ళీ నొక్కితే ముందుకు వెళ్తుందో మొదటికి వస్తుందో తెలియదు. అలాగే ఉండనీ. కాకపోతే హాల్లో అందరి దగ్గరా దీపం ఉండదు కదా, అక్కడ ఆ తెర నిజంగానే బోరు. హాలుకు ఒక కాపీ, ఇంటికి ఒక కాపీ చేస్తే?

కాలనీకోడలు:
అవును, హాలు కాపీలో 2, 3 తెరలు తగ్గిస్తాను. ముందు ఒక్క దీపం మేమే వెలిగిస్తాం.

అత్తిలి_శర్మ:
పదో తెరలో శివభక్తులు "భక్తిహీనం మహేశ్వర" అంటారు. అక్షరాల లెక్క ఒకటే కాబట్టి తెరకు ఇబ్బంది లేదు. "జనార్దన" చూసినా నోటికి వచ్చినది వాళ్ళు అనుకుంటారు లెండి. దీపశ్లోకంలో నా మాట మాత్రం అలాగే ఉంది. పొద్దున్న వీడియోకి దీపలక్ష్మి.

పద్మ_నర్సు:
పూజ అయ్యాక దీపం సంగతి? అది వెలుగుతుండగానే తలుపు వేసుకుని గుడికో పార్కుకో వెళ్ళిపోతారు. చివర ఒక మాట చెప్పండి.

అత్తిలి_శర్మ:
ఆర్పమని రాయకండమ్మా, వినడానికి బాగుండదు. కొండెక్కించమనండి. వత్తిని నూనెలోకి జరిపితే అదే కొండెక్కుతుంది.

విజయలక్ష్మి_టీచర్:
వణికే చేతులతో వత్తి జరపడం కంటే మొదట్లోనే నూనె తక్కువ పోసుకోవడం మేలు. మా ఇంట్లో అర చెంచానే పోస్తాను. నేను అక్కడ కూర్చుని ఉండగానే కొండెక్కుతుంది.

కాలనీకోడలు:
రెండో తెర గొంతులో "నూనె కొద్దిగా పోసుకోండి" అని, చివర "దీపం కొండెక్కే దాకా దగ్గరే ఉండండి" అని కలుపుతాను. గొంతు ఎవరిది పెట్టాలో ఇంకా తేలలేదు. నాది సన్నం. మావారిది కాస్త బొంగురు, కానీ శ్లోకం సరిగ్గా రాదు. మాటలు ఆయనవి, శ్లోకాలు వేరేవాళ్ళవి పెడితే గందరగోళమా?

బొమ్మల_మూర్తి:
మామూలుగా కాస్త బొంగురు గొంతే వాళ్ళకు తేలిగ్గా అందుతుంది. కానీ రెండు గొంతులు నేను ఎప్పుడూ ఇలాంటి పనికి వాడలేదు, టీచర్‌గారిలాంటివాళ్ళు విని చెప్పాలి. రెండు తెరలు రెండు రకాలుగా రికార్డు చేసి వినిపించండి.

హాల్లో పెట్టినప్పుడు "కనిపిస్తోందా అండీ" అని మాత్రం అడగకండి. అందరూ కనిపిస్తోందనే అంటారు. పదో తెర దగ్గర ఆపి, చివరి వరుసలో ఒకరిని మూడో పాదం పైకి చదవమనండి. "యత్పూజితం"లో ప ఒత్తు అందిందా లేదా అక్కడ తెలిసిపోతుంది. శుక్లాంబరధరం దగ్గర అడిగితే లాభం లేదు, చూడకుండానే చెప్పేస్తారు.